ఫోటో ఉంది, కబురు లేదు

"ఈ ఫోటోకి మంచి క్యాప్షన్ ఒకటి రాసిపెట్టమ్మా, అర్జెంటు."

దుకాణాలకు సోషల్ మీడియా పేజీలు చూసే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇలాంటి వాట్సాప్ కబుర్లు రోజూ వస్తుంటాయి. ఎక్కడ పెడతారో, ఎవరికోసమో, ఏ ధోరణిలో కావాలో, అసలు ఏం చెప్పదలిచారో అందులో ఉండదు. ఫోటో ఒక్కటే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మంగళగిరి చీరల దుకాణం యజమాని ఒకాయన, మగ్గం మీద ఉన్న ఆకుపచ్చ నూలు చీర ఫోటో పంపారనుకుందాం. ఒళ్లంతా సాదా, అంచున జరీతో నిజాం బోర్డరు. రాసే అమ్మాయి తొందరపడితే పది నిమిషాల్లో "కొత్త స్టాక్ వచ్చేసింది! త్వరపడండి!" అని పంపేస్తుంది. చీర ఇంకా మగ్గం మీదే ఉందన్న సంగతి అప్పుడు తట్టదు. సాయంత్రానికి దుకాణానికి వచ్చినవాళ్లు "ఆ ఆకుపచ్చది చూపించండి" అంటే, అక్కడ ఆ చీర ఉండదు.

చెప్పని సంగతులు నాలుగైనా వాటి బరువు ఒకటి కాదు. వేదిక, చదివేవాళ్లు, ధోరణి, ఈ మూడింటినీ చాలావరకు ఊహించవచ్చు. దుకాణం పేజీ తెరిచి పాత పోస్టులు నాలుగైదు చదివితే యజమాని ఎలా మాట్లాడతారో తెలుస్తుంది. కింద కామెంట్లు చూస్తే అడిగేది గుంటూరు, విజయవాడ వాళ్లా, పార్సిల్ పంపుతారా అని అడిగే అమెరికా తెలుగువాళ్లా అన్నది తెలుస్తుంది. కబురు మాత్రం యజమాని తలలోనే ఉంటుంది. అదే ఆకుపచ్చ చీర ఫోటోతో చీరలు శుక్రవారం వస్తున్నాయనీ చెప్పొచ్చు, ఈ రంగుకు ముందస్తు ఆర్డర్లు తీసుకుంటున్నామనీ చెప్పొచ్చు, హైదరాబాదులో ప్రదర్శన పెడుతున్నామనీ చెప్పొచ్చు. ఏ అమ్మకమూ లేకుండా మా నేతన్న పనితనం చూడండి అని చెప్పడానికీ పెట్టొచ్చు. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు క్యాప్షన్లు కావాలి.

అందుకే తిరిగి అడిగే మొదటి ప్రశ్న "ఏ ధోరణిలో రాయమంటారు?" అన్నది కాకూడదు. అలా అడిగితే చాలామంది "ఏదో బాగుండేలా రాయమ్మా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "ఇది చదివినవాళ్లు ఏం చెయ్యాలి బాబాయ్ గారూ? దుకాణానికి రావాలా, ఫోన్ చేసి చెప్పిపెట్టుకోవాలా?" అని అడగాలి. దీనికి జవాబు సూటిగా వస్తుంది. "పన్నెండు చీరలు నేయిస్తున్నానమ్మా, ఆగస్టు 7కి వస్తాయి. ముందే ఫోన్ చేసినవాళ్లకి తీసిపెడతాను" అన్నారనుకోండి. కబురు దొరికింది, తేదీ దొరికింది, చదివినవాళ్లు చెయ్యాల్సిన పనీ దొరికింది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. కాబట్టి ఆ తేదీ ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది, క్యాప్షన్లో ఒక మాటగా అదీ ఒదుగుతుంది.

రెండో ప్రశ్న ఎక్కడ పెడతారన్నది. ఇది పొడవు లెక్క కోసం మాత్రమే కాదు. వాట్సాప్ స్టేటస్ మామూలుగా మన ఫోన్లో ఉండి, మన నంబరు కూడా దాచుకున్నవాళ్లకే కనిపిస్తుంది. అంటే చూసేది పాత ఖాతాదారులే. వాళ్లకు దుకాణం పేరు, ఊరు చెప్పనక్కరలేదు. 24 గంటల్లో మాయమవుతుంది కనుక "రేపు" అన్నా ఫరవాలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు ఏళ్ల తరబడి ఉంటుంది, ముక్కూముఖం తెలియనివాళ్లు చూస్తారు. అక్కడ "రేపు" అని రాస్తే మర్నాటికే అబద్ధమవుతుంది, తేదీ వెయ్యాలి, ఊరు చెప్పాలి. పైగా అక్కడ క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయొచ్చన్న మాటేగానీ, తెర మీద మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అసలు సంగతి మొదటి వరుసలోనే రావాలి. క్యాప్షన్లో లింకు అతికించినా నొక్కడానికి పనిచేయదు. ఫోన్ నంబరు గానీ, ప్రొఫైల్లో ఉన్న లింకు చూడమన్న మాట గానీ రాయాలి. ఫేస్‌బుక్‌లో లింకు పనిచేస్తుంది.

ఎక్స్‌లో తెలుగు రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. డబ్బు కట్టని ఖాతాకు 280 అక్షరాలు. కానీ అది లెక్కపెట్టేది మన కంటికి కనిపించే అక్షరాలను కాదు. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "వస్త్రం" మనకు రెండక్షరాలు, ఆ లెక్కలో ఏడు. ఒత్తులెక్కువున్న సంస్కృత పదాలు పేర్చుకుంటూ పోతే మూడు వాక్యాలకే చోటు అయిపోతుంది.

ఇప్పుడు రాయడం సులువు. స్టేటస్‌కు ఇంత చాలు: "ఆకుపచ్చ నిజాం బోర్డరు చీరలు మగ్గం మీదున్నాయి. పన్నెండే వస్తున్నాయి, ఆగస్టు 7కి సిద్ధం. కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, తీసిపెడతాం."

ఇన్‌స్టాగ్రామ్‌కు ఇలా: "మంగళగిరి నూలు చీర, ఆకుపచ్చ ఒళ్లు, నిజాం బోర్డరు: పన్నెండు చీరలు, ఆగస్టు 7 నుంచి. చేనేత దినోత్సవం నాటికి మగ్గం దిగేలా నేయిస్తున్నాం. ఈ ఫోటో నేత సగంలో ఉండగా తీసింది. ధర, రవికె గుడ్డ వివరాలు కింద ఉన్నాయి. ముందుగా చెప్పిపెట్టుకోవాలంటే ప్రొఫైల్లోని నంబరుకు ఫోన్ చేయండి." దాని కింద ధర అంకెల్లో ఉండాలి. ధర కోసం విడిగా మెసేజ్ పెట్టమనే అలవాటు చాలా దుకాణాలకు ఉంది. నా దృష్టిలో అది కొనేవాళ్లను వెనక్కి పంపే పద్ధతి.

యజమాని ఫోన్ ఎత్తకపోతే? అప్పుడు ఫోటోలో కనిపించేది మాత్రమే రాయాలి. "ఆకుపచ్చ ఒళ్లు, నిజాం బోర్డరు. మగ్గం మీద ఉండగా తీసిన ఫోటో. వివరాలకు ఫోన్ చేయండి." ఇది చప్పగా ఉంటుంది, అయినా ఇందులో అబద్ధం లేదు. ఊహించి "స్టాక్ వచ్చింది", "సగం ధర", "స్వచ్ఛమైన జరీ" అని రాయకూడదు. అమ్మకం కోసం పెట్టిన పోస్టు ప్రకటన కిందికే వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం చర్యలకు వీలు కల్పించింది. ఆ మాట రాసింది పేజీ చూసే అమ్మాయే అయినా జవాబు చెప్పుకోవాల్సింది దుకాణమే.

క్యాప్షన్ పనిచేసిందో లేదో కామెంట్లే చెబుతాయి. "రేటెంత?", "ఏ ఊరు?", "ఇప్పుడు ఉందా?" అని వరసగా అడుగుతున్నారంటే చెప్పాల్సింది చెప్పలేదన్నమాట. పోస్టు పెట్టకముందే చూసుకోవాలంటే, ఫోటో మూసి క్యాప్షన్ ఒక్కటే చదవండి. అది పక్క దుకాణం పట్టుచీరకూ, ఎదుటి వీధి చెప్పుల కొట్టుకూ సరిపోతే, ఎంత అందంగా ఉన్నా కొట్టేసి మళ్లీ రాయాల్సిందే.

దుకాణదారులకు ఒక మనవి. ఫోటోతో పాటు "దీన్ని చూసి జనం ఏం చెయ్యాలి" అన్న ఒక్క వాక్యం పంపండి. టైపు చేసే తీరిక లేకపోతే వాయిస్ మెసేజ్ అయినా ఫరవాలేదు. తేదీ, ధర అందులోనే చెప్పేయండి.