ఎనిమిది పాదాలు, ఎనిమిది అక్షరాలు

మబ్బులు ముసిరెను మాపటి మడిపై
గాలులు గిరగిర గడ్డిని గుప్పెను
చినుకులు చిటపట చెరువున చిందెను
కొంగలు కాలువ కట్టకు కదిలెను
నాగలి నడిచెను నల్లని నేలను
తాతయ తడిసిన తుండును తీసెను
పిల్లలు పడవల పోటీ పెట్టిరి
వర్షం వెలిసెను వాకిట వెన్నెల

ఈ గేయం ఈ వ్యాసం కోసమే రాశాను. ప్రతి పాదంలో నాలుగు మాటలు, మాటకు నాలుగు మాత్రలు. ఒక పాదంలోని మాటలన్నీ ఒకే హల్లుతో మొదలవుతాయి, పాదం మారితే హల్లు మారుతుంది. పద్యంలో యతి ఒకటి రెండు చోట్ల అడిగే పొందికను ఇక్కడ ప్రతి మాటా ఇవ్వాలి. ఇది అనుప్రాస కంటే బిగువైన నియమమే గాని, భారవి 'కిరాతార్జునీయం'లో ఒకే హల్లుతో శ్లోకం నడిపిన పని కంటే చాలా తేలిక. మాట మొదలు కుదిరితే చాలు, మధ్యలో ఏ అక్షరమైనా రావచ్చు.

ఈ ఆటకు తెలుగు బాగా అనువైన భాష. 'చెరువున', 'కట్టకు', 'మడిపై' అన్నప్పుడు విభక్తి మాట వెనకే అంటుకుంటుంది, విడి మాటగా నిలబడదు. ఇంగ్లీషులో ఆ పనికి 'ఇన్', 'టు', 'ది' లాంటి చిన్న మాటలు ముందు వచ్చి నిలబడతాయి, అక్కడే నియమం తెగుతుంది. లాటిన్‌లోనూ విభక్తులు మాట చివరే ఉంటాయి. దాదాపు 11 వందల ఏళ్ల కిందట హుక్‌బాల్డ్ అనే క్రైస్తవ సన్యాసి, బట్టతలను పొగుడుతూ 146 పాదాల లాటిన్ కావ్యం రాసి ప్రతి మాటనూ 'సి' అక్షరంతోనే మొదలుపెట్టాడు. భాష అలాంటిది కాకపోతే అంత దూరం నడిచేవాడు కాదు. అయితే మనకూ చిక్కులున్నాయి. 'కోసం', 'నుంచి', 'వరకు', 'గురించి' విడిగా నిలబడే మాటలు. అవి అవసరమయ్యే వాక్యాన్ని మొదటే పక్కన పెట్టాలి.

రాసేటప్పుడు ముందు వెతకాల్సింది క్రియ. నామవాచకాలు ఏ అక్షరానికైనా దొరుకుతాయి, వాక్యాన్ని ముగించే క్రియ దొరకదు. 'ప'కు పాడు, పెట్టు, పోయు, పట్టు, పండు అంటూ వరుసగా వస్తాయి. 'య'తో మొదలయ్యే అచ్చ తెలుగు మాటలే దాదాపు లేవు కనుక క్రియకు అక్కడ ఆశ పెట్టుకోకూడదు. ణ, ళలతో మాటే మొదలు కాదు.

ఆరో పాదం ఎలా మారిందో చూడండి. మనసులో ఉన్నది తాత తలకు తుండుగుడ్డ చుట్టుకోవడం. కానీ 'చుట్టు' చకారం. 'తాతయ తుండును తలపై తిప్పెను' అంటే లెక్క సరిపోతుంది, తాత మాత్రం తుండును గాలిలో గిరగిరా తిప్పుతున్నట్టు కనిపిస్తాడు. క్రియ మార్చితే చాలదు, జరిగే పనినే మార్చాలి. వానలో తడిసిన తుండును తాత తీసేశాడు అన్నాక వాక్యం మామూలుగా పలికింది. నియమం తెలియని మనిషికి పాదం చదివి వినిపించండి. ఏదైనా మాట దగ్గర "ఇదెందుకు?" అని ఆగితే, ఆ మాట అక్షరం కోసం వచ్చి కూర్చున్నదే. విశేషణాలు ఎక్కువగా ఇలా చొరబడతాయి.

వ్యాకరణం గట్టిగా పట్టుకునే పద్యంలో మరో గండం ఉంది. ద్రుతం తర్వాత పరుషాలు సరళాలవుతాయి. అప్పుడు 'చెరువున చిందెను' కాస్తా 'చెరువున జిందెను', 'తుండును తీసెను' 'తుండును దీసెను', 'కట్టకు కదిలెను' 'కట్టకు గదిలెను' అవుతాయి. యతికి క-గ, చ-జ, త-ద చెల్లుతాయి గాని మన నియమానికి చెల్లవు. నేటి గేయంలో ఈ మార్పు చేయరు కనుక నిలబడ్డాయి. పద్యమే రాయదలిస్తే మ, న, వ లాంటి అక్షరాలు ఎంచుకోవడం క్షేమం, వాటికి ఈ ఆదేశం లేదు.

ఇక గుణింతం. హల్లు ఒకటైతే చాలంటే పై ఎనిమిది పాదాలూ నిలుస్తాయి. యతిలోలాగా అచ్చులకూ మైత్రి కావాలంటే (అ-ఆ ఒక జట్టు, ఇ-ఎ ఒక జట్టు, ఉ-ఒ ఒక జట్టు) మూడో పాదం ఒక్కటే గట్టెక్కుతుంది, చి, చె ఒకే జట్టు కనుక. అయిదో పాదంలో నా, న, న దాకా బాగుంది, 'నేలను' దగ్గర తప్పింది. నేలను తీసేస్తే నాగలి నడిచే చోటే పోతుంది. నేనైతే అక్కడ అచ్చు మైత్రిని వదులుకుని నేలనే ఉంచుకుంటాను.