సైన్ తరంగం త్రిభుజమైన చోట

ఇంజినీరింగ్ కాలేజీల ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో ఎనిమిది కాళ్ల నల్లటి చిప్ ఒకటి తప్పక కనిపిస్తుంది. దాని పేరు 741. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లాగర్ రూపొందించిన ఈ ఆప్-ఆంప్ 1968లో బజారులోకి వచ్చింది. దాన్ని ఫాలోయర్‌గా కలిపితే, అంటే ఇచ్చిన వోల్టేజీని ఇచ్చినట్టే బయటికి పంపేలా కలిపితే, చిన్న సిగ్నళ్లతో ఏ పేచీ ఉండదు. అదే సర్క్యూట్‌కు 20 కిలోహెర్ట్జ్ సైన్ తరంగాన్ని శిఖరం 10 వోల్టులు ఉండేలా ఇస్తే ఆసిలోస్కోప్ తెర మీద బొమ్మ మారిపోతుంది. లోపలికి వెళ్లింది గుండ్రటి సైన్, బయటికి వచ్చేది కోసుగా ఉన్న త్రిభుజం. దాని శిఖరం కూడా 10 వోల్టులు కాదు, ఆరు వోల్టుల దగ్గరే ఆగిపోతుంది.

మొదటిసారి చూసినవాళ్లు ప్రోబ్‌నో, బ్రెడ్‌బోర్డ్‌లో వదులైన వైరునో అనుమానిస్తారు. చిప్ మార్చి చూస్తారు. కొత్త 741 కూడా త్రిభుజాన్నే గీస్తుంది. ఎందుకంటే అది పాడైపోయిన భాగం చేసే పని కాదు. చిప్ గుమ్మంలోనే ఉన్న రెండు ట్రాన్సిస్టర్ల జంట తన హద్దు దాటిందని చెప్పే గుర్తు అది.

ఆ జంటనే డిఫరెన్షియల్ పెయిర్ అంటారు. రెండు ఒకేరకం ట్రాన్సిస్టర్ల ఎమిటర్లను ఒకచోట ముడివేసి, ఆ ముడి నుంచి ఎప్పుడూ మారని ఒక కరెంట్‌ను లాగుతారు. దాని పేరు టెయిల్ కరెంట్, అంటే తోక కరెంట్. ఈ పేరుకు పాత కథ ఉంది. బ్రిటిష్ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1936లో వాక్యూమ్ వాల్వులతో ఇలాంటి జంటకు పేటెంటు కోరినప్పుడు ముడి కింద పెద్ద రెసిస్టర్ ఒకటి వేలాడుతుండేది. దాంతో దానికి పొడుగు తోక జంట అన్న పేరు స్థిరపడింది.

ఈ జంట పనిని పొలాల దగ్గర కాలువతో పోల్చుకోవచ్చు. పైనుంచి వచ్చే నీరు ఎప్పుడూ ఒకటే. అది చీలే చోట ఒక పలక ఉంటుంది. పలక నడిమధ్యన ఉంటే రెండు చేలకూ సగం సగం. కొంచెం పక్కకు జరిపితే ఒక చేనుకు ఎంత పెరిగిందో రెండో చేనుకు అంతే తగ్గుతుంది. ఇక్కడ పలకను జరిపేది రెండు బేసుల మధ్య వోల్టేజీ తేడా. రెండు బేసుల మీదా వోల్టేజీ ఒకేసారి, ఒకే మేరకు పెరిగితే పలక కదలదు. ఇసీజీ తీసేటప్పుడు ఒంటి మీద పేరుకునే కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొదను వదిలేసి, రెండు తీగల మధ్య ఉండే ఒక మిల్లీవోల్ట్ పాటి గుండె సంకేతాన్ని పట్టుకోగలగడం ఈ గుణం వల్లనే.

పలకను ఎంత జరిపితే ఎంత నీరు మళ్లుతుంది? టెయిల్ కరెంట్ ఒక మిల్లీయాంపియర్ అనుకుందాం. తేడా సున్నా అయినప్పుడు చెరో సగం. తేడా 10 మిల్లీవోల్టులైతే ఒక పక్కకు సుమారు 0.6, రెండో పక్కకు 0.4. తేడా 60 మిల్లీవోల్టులకు చేరేసరికి కరెంట్ పదికి ఒకటి చొప్పున చీలిపోతుంది, 120కి చేరితే వందకు ఒకటి. అక్కడి నుంచి ఇంకెంత నెట్టినా చేయగలిగిందేమీ లేదు. తోకలో ఉన్న కరెంటంతా ఇప్పటికే ఒక పక్కకు వెళ్లిపోయింది. రెండు కరెంట్ల తేడాను గీస్తే మధ్యలో నిటారుగా లేచి, రెండు చివర్లా బల్లపరుపుగా ఆగే సాగదీసిన ఎస్ ఆకారపు గీత వస్తుంది. గణితంలో దాని రూపం ఇది:

`I1 − I2 = I · tanh(V / 2VT)`

ఇందులో I టెయిల్ కరెంట్, V రెండు బేసుల మధ్య తేడా. VT ఉష్ణోగ్రత మీద ఆధారపడే వోల్టేజీ, గది వేడిలో సుమారు 26 మిల్లీవోల్టులు.

గీత మధ్యలో ఉన్న వాలునే ట్రాన్స్‌కండక్టెన్స్ అంటారు. ఒక్క వోల్ట్ తేడాకు ఎన్ని మిల్లీయాంపియర్లు మళ్లుతాయన్న లెక్క అది. మన ఉదాహరణలో ఒక మిల్లీయాంపియర్‌ను 52 మిల్లీవోల్టులతో భాగిస్తే వోల్టుకు 19.2 మిల్లీయాంపియర్లు. వాలు స్థిరంగా ఉన్నంతమేరే జంట నమ్మకస్తురాలు. తేడా 10 మిల్లీవోల్టుల దగ్గర అసలు గీత సరళరేఖ కంటే ఒక శాతం పైచిలుకు వెనకబడుతుంది. 26 మిల్లీవోల్టుల దగ్గర ఆ వెనకబాటు ఏడెనిమిది శాతం. సైన్ తరంగం శిఖరం 18 మిల్లీవోల్టులకు చేరేటప్పటికే అసలు సిగ్నల్లో లేని మూడో హార్మోనిక్ ఒక శాతం మేర పుట్టుకొస్తుంది. గీత రెండు పక్కలా ఒకే తీరుగా ఉండటం వల్ల రెండో హార్మోనిక్ మాత్రం రాదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. హద్దు చాలకపోతే టెయిల్ కరెంట్ పెంచితే సరిపోతుందనిపిస్తుంది. పెంచి చూద్దాం. ఒక మిల్లీయాంపియర్‌ను రెండు చేస్తే గీత ఎత్తు రెట్టింపవుతుంది, వాలూ రెట్టింపవుతుంది. వెడల్పు మాత్రం పిసరంత మారదు. 60 మిల్లీవోల్టులకు పదికి ఒకటిగా చీలడం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పైన రాసిన సూత్రంలో టాంజెంట్ గుర్తు లోపల I లేదని గమనిస్తే కారణం తెలిసిపోతుంది. మామూలు బైపోలార్ ట్రాన్సిస్టర్ల జంటలో వెడల్పును నిర్ణయించేది ఉష్ణోగ్రత ఒక్కటే.

ఇప్పుడు 741 దగ్గరకు వద్దాం. దాని గుమ్మంలోని జంటకు తోక కరెంట్ సుమారు 20 మైక్రోయాంపియర్లు. జంట నుంచి వచ్చే కరెంట్ 30 పికోఫారడ్ల కెపాసిటర్‌ను నింపుతుంది, దాని మీద వోల్టేజీయే చివరికి అవుట్‌పుట్‌గా బయటికి వస్తుంది. మామూలుగా ఫాలోయర్‌లో రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడా అతి చిన్నది. అవుట్‌పుట్ ఇన్‌పుట్ వెంటే పరిగెడుతుంది కాబట్టి జంట తన గీత నడుమనే ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల శిఖరమున్న సైన్ సున్నాను దాటేటప్పుడు మైక్రోసెకనుకు 1.26 వోల్టుల వేగంతో లేస్తుంది. అంత వేగం కావాలంటే కెపాసిటర్‌లోకి 38 మైక్రోయాంపియర్లు వెళ్లాలి. తోకలో ఉన్నది 20 మాత్రమే. అవుట్‌పుట్ వెనకబడుతుంది, ఇన్‌పుట్‌ల మధ్య తేడా పెరుగుతుంది, జంట గీత చివరి బల్లపరుపులోకి జారిపోతుంది. స్థిరమైన కరెంట్‌తో నిండే కెపాసిటర్ మీద వోల్టేజీ సరళరేఖలాగే పెరుగుతుంది. తెర మీద కనిపించిన త్రిభుజం వాలు అదే.

లెక్క కూడా సరిపోతుంది. 20 మైక్రోయాంపియర్లను 30 పికోఫారడ్లతో భాగిస్తే మైక్రోసెకనుకు 0.67 వోల్టులు. డేటాషీట్ మామూలు విలువ 0.5 అంటుంది. స్లూ రేట్ అంటే ఇదే. 20 కిలోహెర్ట్జ్ తరంగంలో పావు వంతు సమయం 12.5 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో 0.5 చొప్పున ఎక్కితే 6.25 వోల్టులు. త్రిభుజం ఆరు వోల్టుల దగ్గర ఎందుకు ఆగిందో అక్కడ తేలిపోతుంది. అనుమానం ఉంటే స్కోప్ రెండో ప్రోబ్‌ను ఇన్‌పుట్ కాలు మీద పెట్టి, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య తేడాను చూడాలి. జంట ఆరోగ్యంగా పనిచేస్తుంటే ఆ తేడా కొద్ది మిల్లీవోల్టులకు మించదు. త్రిభుజం వస్తున్నప్పుడు అది వోల్టుల్లోనే కనిపిస్తుంది.

మరి తోక కరెంట్ పెంచితే స్లూ రేట్ పెరగదా? పెరుగుతుంది, కానీ వాలూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వాలు పెరిగితే చిప్ బ్యాండ్‌విడ్త్ పెరిగి, ఫీడ్‌బ్యాక్‌లో అది ఊగులాటకు లోనవుతుంది. ఆపాలంటే కెపాసిటర్‌ను కూడా అంతే రెట్లు పెద్దది చేయాలి. అలా చేయగానే స్లూ రేట్ మళ్లీ మొదటికొస్తుంది. టెయిల్ కరెంట్‌ను వాలుతో భాగిస్తే వచ్చే వోల్టేజీ కదలనంతవరకు ఈ చిక్కు వీడదు. సాదా జంటలో అది 52 మిల్లీవోల్టులు. 741లో సిగ్నల్ దారిలో రెండేసి జంక్షన్లు ఉన్నందున సుమారు 100.

ఈ చిక్కును విప్పే ఒక దారి ప్రతి ఎమిటర్ కింద ఒక రెసిస్టర్ పెట్టడం. మన ఒక మిల్లీయాంపియర్ జంటలో చెరో 470 ఓంలు పెడితే వాలు 19.2 నుంచి సుమారు 1.9కి పడిపోతుంది. కానీ కరెంట్ అంతా ఒక పక్కకు మళ్లాలంటే ఇప్పుడు దాదాపు అర వోల్ట్ అదనంగా కావాలి, ఎందుకంటే ఒక మిల్లీయాంపియర్ 470 ఓంల గుండా పోతే 0.47 వోల్టులు పడతాయి. ఇక్కడ తోక కరెంట్ పాత్ర తారుమారవుతుంది. దాన్ని రెట్టింపు చేస్తే వాలు 2.0కి మాత్రమే చేరుతుంది, వెడల్పు మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. కరెంట్ పెంచి హద్దు పెంచుకోవచ్చన్న ఊహ ఇలాంటి జంట విషయంలో నిజమవుతుంది. దీనికి చెల్లించే మూల్యం గెయిన్‌లో తగ్గుదల, రెసిస్టర్లు తెచ్చిపెట్టే అదనపు రొద.

మాస్ ట్రాన్సిస్టర్ల కథ ఈ రెండింటికీ మధ్యస్థం. వాటిలో కరెంట్ అదనపు గేట్ వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఒక జంటకు 0.16 మిల్లీయాంపియర్ల తోక ఇచ్చినప్పుడు గేట్లకు 0.2 వోల్టుల అదనపు వోల్టేజీ పట్టిందనుకుంటే, మొత్తం కరెంట్ ఒక పక్కకు మళ్లడానికి 0.28 వోల్టుల తేడా కావాలి, వాలు వోల్టుకు 0.8 మిల్లీయాంపియర్లు. తోకను నాలుగు రెట్లు చేస్తే వెడల్పు 0.57 వోల్టులకూ, వాలు 1.6కూ చేరతాయి. అంటే పెంచిన కరెంట్ వెడల్పుకూ వాలుకూ సమానంగా పంచుకుపోతుంది. అయితే కరెంట్‌ను మరీ తగ్గిస్తే ఈ లెక్క చెల్లదు. అప్పుడు మాస్ ట్రాన్సిస్టర్ కూడా బైపోలార్‌లా ప్రవర్తిస్తూ, వెడల్పు మళ్లీ ఉష్ణోగ్రత చేతుల్లోకే వెళ్లిపోతుంది.

చిప్ లోపలికి తొంగిచూడకుండానే ఈ వెడల్పును డేటాషీట్ నుంచి అంచనా వేయవచ్చు. స్లూ రేట్‌ను 2π తోనూ బ్యాండ్‌విడ్త్‌తోనూ భాగిస్తే చాలు. 741కి మైక్రోసెకనుకు 0.5 వోల్టులు, ఒక మెగాహెర్ట్జ్. ఫలితం 80 మిల్లీవోల్టులు. పక్కనే అమ్మే టీఎల్081 గుమ్మంలో జేఫెట్ జంట ఉంటుంది. దాని మామూలు విలువలు మైక్రోసెకనుకు 13 వోల్టులు, 3 మెగాహెర్ట్జ్. ఫలితం 690 మిల్లీవోల్టులు, ఎనిమిది రెట్లకు పైనే. ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్, సరఫరా కాళ్లు రెండు చిప్‌లకూ ఒకే చోట ఉంటాయి. సరఫరా ఆపి, 741ని తీసి, అదే సాకెట్‌లో టీఎల్081 గుచ్చి, అదే 20 కిలోహెర్ట్జ్ తరంగాన్ని అదే 10 వోల్టుల శిఖరంతో ఇస్తే తెర మీద త్రిభుజం పోయి సైన్ తిరిగొస్తుంది. ఆ శిఖరంతోనే మళ్లీ త్రిభుజం వైపు వంగడం చూడాలంటే ఫ్రీక్వెన్సీని దాదాపు 200 కిలోహెర్ట్జ్ దాటించాలి.