బెల్టు వెడల్పు చివరి లెక్క

టైమింగ్ బెల్టు పళ్లు ఊడిపోతే చాలామంది షాపుకెళ్లి ఇంకాస్త వెడల్పాటి బెల్టు అడుగుతారు. ముందుగా చూడాల్సింది మాత్రం మోటారు మీది చిన్న పుల్లీకి ఎన్ని పళ్లున్నాయన్నది. ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం.

మోటారు 3 కిలోవాట్లది, నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. అది నడిపే కన్వేయరు షాఫ్టు అందులో సగం వేగంతో తిరగాలి. బెల్టు 8ఎం రకం. అంటే ఒక పన్ను మధ్య నుంచి పక్క పన్ను మధ్యకు 8 మిల్లీమీటర్లు. ఈ దూరమే పిచ్. మోటారుకు 24 పళ్ల పుల్లీ, కన్వేయరుకు 48 పళ్లది పెట్టామనుకుందాం.

24ని 8తో గుణిస్తే 192. చిన్న పుల్లీ ఒక చుట్టు తిరిగితే బెల్టు 192 మిల్లీమీటర్లు కదులుతుంది. సెకనుకు 24 చుట్లు కాబట్టి బెల్టు వేగం సెకనుకు 4.6 మీటర్లు. ఇక పవర్. మోటారు మీద రాసిన 3 కిలోవాట్లనే తీసుకోకూడదు. స్టార్టింగులో కుదుపులుంటాయి, రోజంతా పని ఉంటుంది. అందుకని 1.5 రెట్లు చేసి 4.5 కిలోవాట్లనుకుందాం. ఆ 4500 వాట్లను వేగంతో భాగిస్తే దాదాపు 977 న్యూటన్ల లాగుడు వస్తుంది. దగ్గర దగ్గర వంద కిలోల బరువు వేలాడదీసినట్టే.

ఈ బరువును మోసేది చిన్న పుల్లీని పట్టుకున్న పళ్లే. షాఫ్టుల మధ్య దూరం సుమారు 415 మిల్లీమీటర్లయితే 1120 మిల్లీమీటర్ల బెల్టు, అంటే 140 పళ్లది, సరిపోతుంది. అప్పుడు చిన్న పుల్లీ మీద 11 పళ్లు పట్టులో ఉంటాయి. 6 ఉంటే చాలు. అంతకన్నా తగ్గితే తగ్గిన ప్రతి పన్నుకూ బెల్టు మోయగల పవర్‌లో 20 శాతం కోసేయాలి.

వెడల్పు ఇప్పుడు తేల్చాలి. ఈ పుల్లీకి ఈ వేగంలో 20 మిల్లీమీటర్ల బెల్టు 3 కిలోవాట్లు మోస్తుందని కేటలాగులో ఉందనుకోండి. మనకు కావాల్సింది అంతకు 1.5 రెట్లు, కాబట్టి తర్వాతి సైజు 30 తీసుకోవాలి.

ఇప్పుడు పుల్లీలను 36, 72 పళ్లకు మార్చండి. వేగాల నిష్పత్తి అదే. బెల్టు వేగం 6.9 మీటర్లకు పెరిగి, లాగుడు 651 న్యూటన్లకు పడిపోతుంది. షాఫ్టు మీదా, బేరింగు మీదా భారం తగ్గుతుంది. బెల్టు పొడవు మాత్రం మళ్లీ లెక్కగట్టాలి.

పన్ను మొదలంటా తెగితే లోడు ఎక్కువైందనో, పట్టులో పళ్లు చాలలేదనో అర్థం. స్టార్టింగులో టకటకమంటూ పళ్లు దాటుతుంటే బిగువు చాల్లేదు. వెడల్పు పెంచినా అది ఆగదు. కాబట్టి బెల్టు కొనే ముందు గార్డు తీసి, చిన్న పుల్లీ చోట పెద్దది పట్టే జాగా ఉందేమో కొలవండి.