0.35 పెద్దదా, 0.7 పెద్దదా?

ఆరో తరగతిలో దశాంశ భిన్నాలను పోల్చే పాఠం. పీరియడ్ చివర టీచరు మూడు జతలు బోర్డు మీద రాసి, ఒక్కో జతలో ఏది పెద్దదో చిట్టీ మీద రాయమన్నారనుకుందాం: 2.50, 2.75; 0.7, 0.35; 4.2, 4.08. ముప్ఫై చిట్టీల్లో మూడూ సరిగ్గా రాసినవి పదిహేడే. మామూలుగా అయితే "పాఠం సరిగా రాలేదు, మళ్లీ చెప్పాలి" అనుకుంటాం. అదే పాఠాన్ని అదే వరసలో మళ్లీ చెబితే ఫలితమూ అదే వస్తుంది. ముందు ఏ మెట్టు దగ్గర జారిందో తెలియాలి.

అందుకు చిట్టీలను మార్కుల ప్రకారం కాకుండా జవాబుల ప్రకారం విడదీయాలి. తప్పు రాసిన పదమూడు మందిలో పదకొండు మంది 2.75, 0.35, 4.08 అనే రాశారనుకోండి. ఇంతమంది ఒకేలా రాశారంటే అది పరధ్యానం కాదు. వాళ్ల దగ్గర ఒక సూత్రం ఉంది: బిందువు తర్వాతి అంకెలను మామూలు సంఖ్యగా చదవడం. 35 ఏడు కన్నా పెద్దది, 08 అంటే ఎనిమిది, అది రెండు కన్నా పెద్దది. మొదటి జతలో ఇదే సూత్రం సరైన జవాబిచ్చింది. అందుకే అక్కడ ఎవరూ తప్పలేదు.

ఇప్పుడు పాఠ్య ప్రణాళికను పక్కన పెట్టుకుని చూద్దాం. మొదటి మెట్టు రూపాయలు, పైసలు. తెలిసిన విషయం నుంచి మొదలుపెట్టడం మంచిదే. కానీ ధరలెప్పుడూ 12.50, 8.75 అంటూ బిందువు తర్వాత రెండేసి అంకెలతోనే ఉంటాయి. అంకెల సంఖ్య సమానంగా ఉన్నంతసేపూ పిల్లల తప్పు సూత్రం పట్టుబడదు, పైగా బలపడుతుంది. బోర్డు మీది ఉదాహరణలన్నీ ఆ డబ్బుల్లోంచే వచ్చాయి. అంకెలు ఎక్కువతక్కువగా ఉన్న జత మొదటిసారి కనబడింది చిట్టీలోనే.

ప్రణాళిక చివర ఉపాధ్యాయుని ప్రతిస్పందనల కింద రాసుకున్న మాటలు ఇక్కడ అక్కరకొస్తాయి, సరిగ్గా రాసుకుంటే. "సమయం చాలలేదు, కొందరు శ్రద్ధ పెట్టలేదు" అన్న వాక్యంతో ఏ పాఠాన్నీ సరిదిద్దలేం. తనిఖీకి తప్ప దేనికీ పనికిరాదు. "ముప్ఫై అయిదే కదా పెద్దది టీచర్ అని ఒక అమ్మాయి అంది, నేనూ సున్నా పాయింట్ ముప్ఫై అయిదు అనే చదివాను" అని ఉంటే రెండో బలహీన మెట్టు దొరికినట్టే. ఆ చదివే తీరే పిల్లలను తప్పు సూత్రం వైపు తోస్తోంది. సున్నా పాయింట్ మూడు అయిదు అని చదవాలి, లేదా మూడు పదో వంతులు, అయిదు వందో వంతులు అనాలి.

ఇక మూడూ సరిగ్గా రాసిన పదిహేడు మంది. వాళ్లందరికీ వచ్చేసిందనుకోవడం తొందరపాటు. మర్నాడు 0.4, 0.73 ఇస్తే వాళ్లలో అయిదుగురు 0.4 పెద్దదన్నారనుకుందాం. వీళ్ల సూత్రం తిరగబడినది: వందో వంతు పదో వంతు కన్నా చిన్నది, కాబట్టి వందో వంతులున్న సంఖ్యే చిన్నది. చిట్టీలో అంకెలు తేడాగా ఉన్న రెండు జతల్లోనూ పొట్టి సంఖ్యే పెద్దది కావడంతో వీళ్లు తప్పించుకున్నారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కే స్టేసీ, విక్కీ స్టైన్లీ తమ దశాంశాల పరీక్షలో రెండు రకాల జతలూ పెట్టింది ఈ రెండు రకాల పిల్లలనూ విడదీసి పట్టడానికే.

దీనికోసం ప్రణాళిక మొత్తం చించి కొత్తది రాయక్కర్లేదు. మొదటి మెట్టులో డబ్బు బదులు గళ్ల కాగితం పెడితే చాలు. పదికి పది, వంద గళ్ల చదరం. 0.7కి ఏడు నిలువు వరసలు, 0.35కి మూడు వరసలూ మరో అయిదు గళ్లూ పిల్లలే రంగు వేయాలి. ఏడు వరసలంటే డెబ్భై గళ్లని లెక్కపెట్టాక 0.7, 0.70 ఒకటేనన్నది వాళ్లకే తెలుస్తుంది. "చివర సున్నా చేర్చి పోల్చండి" అనే చిట్కా ఆ తర్వాతే రావాలి. ముందే చెబితే, కారణం తెలియని పిల్లలు సున్నాను బిందువు పక్కన కూడా చేరుస్తారు. డబ్బును ఆఖరికి జరిపి "0.7 రూపాయి అంటే ఎన్ని పైసలు?" అని అడగవచ్చు. రంగులు వేయడానికి పట్టే సమయం కోసం బోర్డు మీది ఉదాహరణల్లో సగం తీసేయాలి. అవి ఎలాగూ ఒకే రకం.

కొత్త చిట్టీలో 0.7, 0.35తో పాటు 0.4, 0.73 కూడా ఉండాలి, ఒకదానికైనా కారణం రాయించాలి. చివరగా 5.736, 5.62 ఇచ్చి చూడండి. వంద గళ్ల కాగితం వెయ్యో వంతును చూపించలేదు; అక్కడ తడబడేవాళ్లకు ఒక్క గడిని మళ్లీ పది ముక్కలు చేసి చూపే మెట్టు ఇంకోటి కావాలి.