లేని సొమ్ముకు వడ్డీ

జనవరి 12 వివేకానందుడి జయంతి. 1985 నుంచి దేశమంతా ఆ రోజును జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ సందర్భంగా ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. అడ్డదారిలో తొందరగా పైకి రావచ్చని అందరూ చెబుతున్నప్పుడు నిజాయితీగా ఉండటం ఎలా అన్నది వాళ్లిచ్చిన అంశం. నేనక్కడ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

2009 జనవరి 7. అప్పటికి మీరు పలక పట్టే వయసు పిల్లలు. ఆ బుధవారం ఉదయం హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. కంపెనీ లెక్కల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపిస్తున్నామనీ, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవనీ ఒప్పుకున్నారు. సత్యంలో అప్పుడు 50 వేల మందికి పైగా పనిచేస్తున్నారు. మన ఊళ్లలో సత్యంలో ఉద్యోగమంటే పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చే రోజులవి. కంపెనీని చక్కగా, పారదర్శకంగా నడుపుతున్నందుకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు 2008 సెప్టెంబరులోనే దానికి దక్కింది.

ఇంత పెద్ద అబద్ధం ఒక్క రోజులో పుట్టలేదు. వచ్చిన లాభానికీ చూపించిన లాభానికీ మొదట్లో ఉన్న తేడా కొద్దిపాటిదేనని ఆ ఉత్తరంలోనే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగింది. ఎందుకు పెరిగిందో ఒక్క త్రైమాసికం లెక్క చూస్తే అర్థమవుతుంది. 2008 జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో కంపెనీకి నిజంగా వచ్చిన నిర్వహణ లాభం 61 కోట్లు. చూపించింది 649 కోట్లు. తేడా 588 కోట్లు. లాభం వచ్చిందన్నప్పుడు ఆ డబ్బు ఎక్కడో ఉండాలి కదా? అందుకని బ్యాంకులో ఉందని రాశారు. ఆ మూడు నెలల్లోనే లేని నిల్వ మరో 588 కోట్లు పెరిగింది.

కథ అక్కడితో ఆగలేదు. బ్యాంకులో డబ్బుంటే వడ్డీ రావాలి. లేని డబ్బుకు రాని వడ్డీ 376 కోట్లు కూడా పుస్తకాల్లోకి ఎక్కింది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం, దాన్ని కాపాడటానికి మరొకటి పుట్టుకొచ్చాయి. చివరికి లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టాలని, 2008 డిసెంబరు 16న తమ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొంటున్నట్టు ప్రకటించారు. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. పూడ్చుకునే చివరి దారి మూసుకుపోయాక మూడు వారాలకు ఆ ఉత్తరం బయటికొచ్చింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ కోర్టు రామలింగరాజుకూ, మరో తొమ్మిది మందికీ ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

మరి అన్నేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు? బ్యాంకులో డబ్బుందో లేదో ఆడిటరు నేరుగా బ్యాంకునే అడిగి, జవాబు నేరుగా తన చేతికే తెప్పించుకోవాలి. ఆ పని కంపెనీ చేతుల్లోనే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ తర్వాత పేర్కొంది. దొంగ కాగితాన్ని, ఆ కాగితం ఇచ్చినవాడినే అడిగి సరిచూసుకున్నారన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, మీ సంగతికి వచ్చాక పనికొస్తుంది.

వేల కోట్ల కంపెనీ గొడవ మాకెందుకని మీరు అనుకోవచ్చు. అమీర్‌పేటలో మీకు రోజూ వినిపించే మాట ఒకటుంది: 'ఫ్రెషర్‌గా ఎవడూ తీసుకోడు, మూడేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో.' డబ్బు కడితే ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ చేతికిస్తారు. ఫోన్ చేస్తే హెచ్‌ఆర్‌నంటూ మాట్లాడే మనిషినీ పెడతారు. ఇలా ఫేక్ పెట్టుకున్న కుర్రాడు పేరున్న కంపెనీలో చేరాడనుకుందాం. అతని రెజ్యూమెలోని మూడేళ్లు కూడా ఆ 5,040 కోట్లలాంటివే. కాగితం మీద ఉంటాయి, ఖాతాలో ఉండవు.

చేరిన మొదటి వారంలోనే వడ్డీ మొదలవుతుంది. మూడేళ్ల అనుభవమున్న మనిషికిచ్చే పని ఇస్తారు. చేతకాదు. చేతకాదని చెప్పుకునే వీలూ లేదు. అందుకని సాయంత్రాలు బయటి మనిషితో ఆ పని చేయించుకుంటాడు. దాన్ని 'జాబ్ సపోర్ట్' అంటారు. నెలనెలా డబ్బు కట్టాలి. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, కంపెనీ కోడ్‌నూ క్లయింటు వివరాలున్న స్క్రీన్‌నూ సంబంధం లేని మనిషికి చూపించాలి. ఫేక్ ఒక తప్పు, ఇది రెండోది. పక్కన కూర్చున్న సీనియరు విసుక్కోకుండా నేర్పేవాడే అయినా అతన్ని అడగలేడు, అడిగితే బయటపడిపోతాడు. నేర్చుకోవాల్సిన వయసులో నేర్చుకునే దారిని తనే మూసుకున్నాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక ఆడిటరు దగ్గర గుర్తుంచుకోమన్న మాటకు వద్దాం. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు మీరిచ్చిన కాగితాలతో సరిపెట్టుకోవడం తగ్గింది. పీఎఫ్‌కు ప్రతి ఉద్యోగికీ ఒక యూఏఎన్ నంబరు ఉంటుంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వదిలాడు, ఏ నెల జీతానికి ఎంత జమ అయింది అన్నవి అందులో ఉంటాయి. మూడేళ్లు పనిచేశానన్న మనిషి పాస్‌బుక్‌లో ఒక్క నెల జమ కూడా లేకపోతే ప్రశ్న వస్తుంది. కొందరు మోసగాళ్లు పాత నెలలకు పీఎఫ్ కూడా కట్టిస్తామంటారు. రెండేళ్ల జమలన్నీ ఒకేసారి పడితే, చూసేవాళ్లకు అనుమానం రాకుండా ఉంటుందా? పీఎఫ్ వర్తించని చిన్న సంస్థలూ ఉన్నాయి నిజమే. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు.

మొదటిసారి తప్పించుకున్నా అది తీరిపోయే అప్పు కాదు. రెండో కంపెనీకి మారేటప్పుడు ఆ దొంగ కంపెనీ పేరు మళ్లీ రాయాలి. తీసేస్తే ఇప్పటి హోదాకూ జీతానికీ ఆధారం ఉండదు, ఉంచితే మళ్లీ తనిఖీ. ఎనిమిదేళ్లు నిజంగా కష్టపడి పనిచేశాక కూడా ఆ మొదటి మూడేళ్లు బయటపడొచ్చు. ఉద్యోగం పోయి, రిలీవింగ్ లెటర్ చేతికి రాకపోతే, ఆ నిజమైన ఎనిమిదేళ్లనూ రుజువు చేసుకోవడం కష్టమైపోతుంది. దొంగ పత్రాన్ని నిజమైనదని చూపించడం పోలీసు కేసు పెట్టదగిన నేరం కూడా.

నా మాటయ్యాక ఒకమ్మాయి లేచి అడిగింది. 'సార్, రెండేళ్లు గ్యాప్ వచ్చింది, నిజం రాస్తే ఇంటర్వ్యూకే పిలవడం లేదు. మేమేం చేయాలి?' ఆ అమ్మాయి బాధలో అబద్ధం లేదు. నిజం రాస్తే పిలుపులు తక్కువే వస్తాయి, ఆలస్యమవుతుంది, మొదటి జీతం చిన్నదిగా ఉంటుంది. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పలేను. గ్యాప్‌ను గ్యాప్‌గానే రాయండి. ఆ రెండేళ్లలో సొంతంగా చేసిన ఒక ప్రాజెక్టును, చిన్నదైనా సరే, మొదటి లైను నుంచి చివరిదాకా మీరే వివరించగలిగేలా సిద్ధం చేసుకోండి. చిన్న సంస్థలో ఫ్రెషర్‌గా చేరినా మీ పాస్‌బుక్‌లో పడే మొదటి జమ మీదే అవుతుంది. దాన్ని ఎవరు ఎన్నేళ్లకు తీసి చూసినా అది అలాగే ఉంటుంది.

ఈ రాత్రి మీ రెజ్యూమె తెరవండి. ఒక్కో లైను మీద పది నిమిషాలు ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే చెప్పగలరో లేదో చూసుకోండి. చెప్పలేని లైను ఉంటే, ఎవరికీ పంపకముందే తీసేయండి.