విషం కలిపిన అన్నం ఎవరి చేతిలో ఉంది?

ఒకడు ఇంకొకరిని చంపాలని విషం కొన్నాడు. అన్నంలో కలిపాడు. గిన్నె ఇంకా అతని దగ్గరే ఉంది. ఈ దశలో హత్యాయత్నం కింద పడే శిక్ష సున్నా. అదే గిన్నె తీసుకెళ్లి ఆ మనిషి ముందు పెట్టాడనుకోండి, లేదా వడ్డించమని పనివాడికి అందించాడనుకోండి, శిక్ష 10 ఏళ్ల దాకా వెళ్తుంది. తిన్నవాడికి హాని జరిగితే యావజ్జీవం కూడా పడవచ్చు. ఈ ఉదాహరణ నేను కల్పించింది కాదు. పాత శిక్షాస్మృతి 307వ సెక్షన్‌లో ఉన్నదే ఇది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 109వ సెక్షన్‌కు వచ్చింది. విషం అదే, మనసులోని ఉద్దేశమూ అదే. గిన్నె చేయి దాటడంతోనే సన్నాహం ప్రయత్నమైంది.

తెలుగు నేల నుంచి మద్రాసు హైకోర్టుకు వెళ్లిన ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసు ఇందుకు గట్టి ఉదాహరణ. 1910 ఫిబ్రవరిలో ఆయన ఒక గుమాస్తాకు ఆర్సెనిక్, పాదరసం కలిపిన హల్వా ఇచ్చాడు. ఆ గుమాస్తా ప్రాణం మీద, అతనికి తెలియకుండానే, పెద్ద మొత్తాలకు బీమా చేయించి ఉన్నాడు. గుమాస్తా కొంచెం తిని మిగతాది పారేశాడు. తీవ్రంగా జబ్బుపడినా బతికాడు. హల్వా ఇచ్చిన క్షణానికే హత్యాయత్నం పూర్తయింది కాబట్టి సెషన్స్ కోర్టు 7 ఏళ్ల కఠిన శిక్ష వేసింది. కానీ ఆ పారేసిన ముక్క ఎనిమిది తొమ్మిదేళ్ల పాప నోట్లోకి వెళ్లింది. ఆమె నిందితుడి బావమరిది కూతురు. పాప చనిపోయింది. 1912లో హైకోర్టు న్యాయమూర్తులిద్దరి మధ్య భేదాభిప్రాయం వస్తే మూడో న్యాయమూర్తి తేల్చారు: ఇది హత్యే. శిక్ష యావజ్జీవ ప్రవాసంగా మారింది. హల్వా అతని సంచిలోనే ఉండిపోయి ఉంటే ఈ రెండు నేరాల్లో ఏదీ నిలిచేది కాదు.

దొంగతనంలో లెక్క ఇంకోలా ఉంటుంది. ప్రయత్నానికి విడిగా శిక్ష చెప్పని నేరాలకు న్యాయ సంహిత 62వ సెక్షన్ వర్తిస్తుంది. అసలు నేరానికి ఉన్న గరిష్ఠ జైలుశిక్షలో సగం దాకా వేయవచ్చు. మామూలు దొంగతనానికి 3 ఏళ్లు, ప్రయత్నానికి ఏడాదిన్నర. ఇంట్లో దొంగతనానికి 7 ఏళ్లు, ప్రయత్నానికి మూడున్నర. సంతలో ఎవరి జేబులోనో చెయ్యి పెడితే జేబు ఖాళీగా ఉంది. అయినా అది ప్రయత్నమే. ఈ మాట కూడా చట్టంలోని ఉదాహరణే. దొరకలేదన్నది దొంగ అదృష్టం, దాంతో నేరం చెరిగిపోదు. గడ్డపార కొని, వీధిలో రెండు రాత్రులు తిరిగి ఇల్లు చూసుకోవడం మాత్రం సన్నాహమే.

మరి గీత ఎక్కడ గీయాలి? కిలోమీటర్లతో కొలవొచ్చా? వెంకటాచలం టోల్‌గేట్ దగ్గర నిలబడి ఆలోచిస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. రాష్ట్రం దాటించకూడదని నిషేధం ఉన్న ధాన్యంతో ఒక లారీ ఇక్కడ దొరికిందనుకుందాం. తడ దగ్గర తమిళనాడు సరిహద్దు ఇంకా చాలా దూరం. 1966లో పంజాబ్‌లో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. 75 బస్తాల వడ్లతో ఢిల్లీ వెళ్తున్న లారీని సమాల్ఖా చెక్‌పోస్టులో ఆపారు. సరిహద్దు అక్కడికి 14 మైళ్లు. డ్రైవర్ మనసు మార్చుకుని వెనక్కి తిరిగే అవకాశం ఇంకా ఉంది కనుక ఇది సన్నాహమే అంది సుప్రీంకోర్టు.

ఆ తీర్పును దూరానికి కొలబద్దగా పట్టుకుంటే పొరబడతాం. 1968 సెప్టెంబరులో బొంబాయి దగ్గర ఒక కయ్య ఒడ్డున, అర్ధరాత్రి, జీపులో 15, లారీలో రంపపుపొట్టు బస్తాల కింద 24 వెండి దిమ్మెలు పట్టుబడ్డాయి. బరువైన మూటలు దించుతుండగా నీళ్లలోంచి పడవ ఇంజిన్ చప్పుడు వినిపించింది. వెండి ఇంకా ఒడ్డు దాటలేదు. హైకోర్టు వదిలేసిన నిందితులను సుప్రీంకోర్టు 1980లో దోషులంది. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అందులో విడిగా రాసిన తీర్పు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. లారీని దారిలోనే ఆపి ఉంటే సన్నాహం దాకానే చెప్పగలిగేవాళ్లమని ఆయన ఒప్పుకున్నారు. చూడాల్సింది నేరం పూర్తికావడానికి ఎంత దూరం మిగిలిందన్నది కాదు. చేసిన పని ఉద్దేశాన్ని తగినంత స్పష్టంగా బయటపెడుతోందా అన్నది.

సన్నాహానికి సాధారణంగా శిక్ష లేదన్నదానికి ఒక మినహాయింపు మరవకూడదు. బందిపోటు దోపిడీకి, అంటే కనీసం ఐదుగురు కలిసి చేసే దోపిడీకి, సన్నాహానికే 10 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు.

మళ్లీ లారీ దగ్గరకు వద్దాం. చూడాల్సింది ఉద్దేశం కాబట్టి వెంకటాచలం కేసులో నేనైతే దూరం కన్నా ముందు పంచనామా చదువుతాను. లారీ టోల్ దగ్గర వరుసలో నిలబడి ఉందా, హైవే వదిలి దొడ్డిదారి పట్టిందా? సరుకు దేని కింద దాచారు? అవతలి రాష్ట్రంలో కొనుగోలుదారుడితో ఫోన్లో ఏం మాట్లాడారు? ఇవి రాయకుండా బస్తాల లెక్క మాత్రమే రాస్తే సన్నాహమని వాదించే వకీలుకు పని తేలికవుతుంది.