పై స్వరం, పొసగని స్వరం, నిశ్శబ్దం: హారర్ షార్ట్ ఫిల్మ్‌కు సంగీతం

హారర్ షార్ట్ ఫిల్మ్‌కు నేపథ్య సంగీతం కట్టే పద్ధతుల్లో బాగా పొదుపైనది ఒకటుంది. పై స్థాయిలో అక్కడక్కడా ఒక్కో స్వరం, అప్పుడప్పుడు ఒకదానితో ఒకటి పొసగని స్వరాల జంట, మధ్యలో పొడవైన నిశ్శబ్దం. దీనికి వాద్యబృందం అక్కర్లేదు, ఒక్క వయొలిన్ చాలు. అయితే స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది తప్పితే ఆ తప్పును కప్పిపుచ్చడానికి పక్కన మరో వాద్యం ఉండదు.

పై స్థాయినే ఎంచుకోవడానికి కారణం చెవి పనిచేసే తీరులో ఉంది. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మనం రెండు ఆధారాలతో పోల్చుకుంటాం. ఒక చెవికి ముందు, మరో చెవికి వెనక చేరడం ఒకటి. ఒక చెవిలో గట్టిగా, మరో చెవిలో మెల్లగా వినబడడం రెండోది. కింది స్థాయి శబ్దాలకు మొదటిది, బాగా పై స్థాయి వాటికి రెండోది అక్కరకొస్తాయి. 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్యలో ఈ రెండూ అంత నమ్మకంగా పనిచేయవు. అందుకే ఆ మేరలో నెమ్మదిగా పుట్టి సన్నగా సాగే స్వరం ఎటు నుంచి వస్తోందో తేల్చుకోవడం కష్టం. పైగా చెవి బాగా చురుగ్గా ఉండే మేర కూడా అదే కాబట్టి ఎంత మెల్లగా వాయించినా వినబడుతుంది. వయొలిన్ తీగను వేలితో నొక్కకుండా కేవలం తాకి కమాను లాగితే వచ్చే ఈలలాంటి నాదం ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఇక పొసగని స్వరాలు. సరళీ వరసల్లో పిల్లలు మొట్టమొదట పాడేది షడ్జమం, దాని వెంటే శుద్ధ రిషభం. మాయామాళవగౌళలో ఈ రెండింటి మధ్య దూరం అర స్వరమే. ఒకదాని తర్వాత ఒకటి పాడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అవే రెండూ ఒకే వాద్యం మీద, ఒకే గట్టితనంతో కలిసి మోగితే మాత్రం చెవి వాటిని పూర్తిగా విడదీయలేదు. రెండు నాదాలూ ఒరుసుకుని గరగరమంటాయి. పాశ్చాత్య పద్ధతిలో పై స్థాయి ‘బి’ సుమారు 1,976 హెర్ట్జ్ అయితే, దాని పక్కనున్న ‘సి’ 2,093. వీటిని కలిపి మోగిస్తే ఆ గరుకుదనం స్పష్టంగా తెలుస్తుంది.

ఒక ఘట్టం తీసుకుందాం. రాత్రి, పాత ఇల్లు, ఒకామె వసారా దాటి మూసి ఉన్న తలుపు దగ్గరికి నడుస్తుంది. నిడివి 90 సెకన్లు. మొదటి 20 సెకన్లు ఫ్యాను చప్పుడు, అడుగుల చప్పుడు తప్ప ఏమీ ఉండవు. ఆమె ఆగిన క్షణంలో కాక, ఆగిన రెండు సెకన్ల తర్వాత ‘బి’ వినబడి ఐదు సెకన్లు సాగి ఆరిపోతుంది. ఆపైన పావు నిమిషం ఏమీ లేదు. ఆమె గడియ మీద చెయ్యి వేసినప్పుడు ‘బి’ మళ్లీ వస్తుంది, ఈసారి ‘సి’ కూడా కలుస్తుంది. మూడు సెకన్లకు ‘సి’ ఆగి ‘బి’ ఒక్కటే మిగులుతుంది. అది కూడా ఆగాక ఫ్యాను ఆగుతుంది. తలుపు తెరుచుకునేటప్పుడు సంగీతం ఉండదు. ప్రేక్షకుడు మూడో స్వరం కోసం కాచుకుని ఉంటాడు, ఈ ఘట్టాన్ని నడిపేది ఆ ఎదురుచూపే.

ఇక్కడ నిశ్శబ్దం అంటే ట్రాక్ ఖాళీగా ఉండడం కాదు. శబ్దం సున్నాకు పడిపోతే స్పీకర్ ఆగిపోయిందనిపిస్తుంది. అందుకే షూటింగ్ చోటే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషమైనా ఆ గది శబ్దాన్ని రికార్డు చేసి కింద పరుస్తారు. దీన్నే రూమ్ టోన్ అంటారు. హిచ్‌కాక్ 1963లో తీసిన ‘ది బర్డ్స్’లో మామూలు నేపథ్య సంగీతమే లేదు. ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించిన పక్షుల శబ్దాలు, వాటి మధ్య నిశ్శబ్దం ఆ పని చేశాయి.

ఎక్కువగా జరిగే పొరపాటు రివర్బ్‌తో వస్తుంది. స్వరానికి ఎనిమిది సెకన్ల ప్రతిధ్వని తగిలిస్తే పది సెకన్ల నిశ్శబ్దంలో మిగిలేది రెండే. టైమ్‌లైన్ మీద ఖాళీ కనిపిస్తుంది కానీ చెవికి అందదు. విరామాలన్నీ సమానంగా ఉండడం రెండో పొరపాటు. మూడుసార్లు ఒకే ఎడంతో వస్తే ప్రేక్షకుడు తాళం పట్టేస్తాడు, నాలుగోది ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది. మాటల కింద ఈ స్వరాలు పెట్టకూడదు. హల్లులు స్పష్టంగా వినిపించేదీ దాదాపు ఈ మేరలోనే కాబట్టి మాట మసకబారుతుంది.

చివరి పరీక్ష ఫోన్ స్పీకర్ మీదే చేయాలి, ఎందుకంటే షార్ట్ ఫిల్మ్‌లు ఎక్కువగా చూసేది అక్కడే. చిన్న స్పీకర్‌లో కింది స్థాయి గుంభనం దాదాపు వినబడదు, పై స్వరం మాత్రం నిలుస్తుంది. స్టూడియోలో సున్నితంగా ఉన్న ‘బి’ ఫోన్‌లో చెవిని గుచ్చితే దాన్ని తగ్గించాలి. రూమ్ టోన్ వినబడకపోతే కాస్త పెంచాలి.